క్లాప్ కొట్టని రెండు రాత్రులు

మన దగ్గర కొత్త సినిమా మొదలైతే మర్నాడు పేపర్లో ఒక ఫొటో వస్తుంది. దేవుడి పటాల ముందు పూలు, కొబ్బరికాయ, చేతిలో క్లాప్ బోర్డు పట్టుకున్న ఒక పెద్దాయన. ఆ బోర్డు కూడా కొబ్బరికాయ లాంటిదేనని, మంచి జరగాలని కొట్టేదని నేను చాలాకాలం అనుకున్నాను. దాని అసలు పని వేరని నాకు తెలిసింది ఒక కచేరీ సినిమా వల్ల. ఆ సినిమా తీసినవాళ్లు క్లాప్ కొట్టలేదు. అందుకని అది 46 ఏళ్లు జనం ముందుకు రాలేదు.

సినిమా పేరు 'అమేజింగ్ గ్రేస్'. పాడిన ఆమె అరేతా ఫ్రాంక్లిన్. ఆమె ఎవరో తెలియకపోయినా ఇబ్బంది లేదు. నేనూ ఏమీ తెలియకుండానే చూశాను. నిజానికి పాటంటే ప్రాణమిచ్చి, పాడేవాళ్ల గురించి పెద్దగా తెలియనివాళ్లు మనలో చాలామంది ఉన్నారు. రేడియోలో పాటకు ముందు గానం ఫలానా, సంగీతం ఫలానా అని చెప్పేవారు కాబట్టి ఆ రెండు పేర్లు తెలుసు. పాట మధ్యలో వయొలిన్ వాయించింది ఎవరో, వెనక కోరస్ ఎవరిదో ఎన్నడూ తెలియలేదు. అలా వినడం అలవాటైనవాళ్లు సంగీతం మీద తీసిన సినిమాలు చూడాలంటే వెనకాడతారు. ముందు ఆ గాయని చరిత్ర చదవాలేమో, పాటలన్నీ వినాలేమో అని. అక్కర్లేదు. కాకపోతే ఎక్కడ మొదలుపెట్టాలో, చూసేటప్పుడు కన్ను ఎక్కడ పెట్టాలో తెలిస్తే బాగుంటుంది.

1972 జనవరి 13, 14. అమెరికాలోని లాస్ ఏంజిలస్‌లో ఒక చిన్న చర్చి. అప్పటికి అరేతాకు 29 ఏళ్లు, దేశమంతా ఆమె పాటలు మోగుతున్నాయి. తండ్రి సి. ఎల్. ఫ్రాంక్లిన్ పేరున్న పాస్టరు, ఆమె పాట నేర్చుకున్నది ఆయన చర్చిలోనే. ఆ చిన్ననాటి భక్తి పాటల్ని, అంటే నల్లజాతి చర్చీల్లో పాడే గాస్పెల్‌ని, స్టూడియోలో కాకుండా జనం మధ్య పాడి రికార్డు చేద్దామనుకుంది. తోడుగా జేమ్స్ క్లీవ్‌లాండ్ అనే పాస్టరు పియానో దగ్గర కూర్చున్నాడు. సదరన్ కాలిఫోర్నియా కమ్యూనిటీ క్వయర్ వెనక వరసల్లో నిలబడింది. ఎలాగూ రికార్డు చేస్తున్నారు కదా, సినిమా కూడా తీద్దామని వార్నర్ బ్రదర్స్ కంపెనీ సిడ్నీ పోలక్ అనే దర్శకుణ్ణి పంపింది. ఆయన కథాచిత్రాలు తీసిన మనిషి. కచేరీలు తీసిన అనుభవం లేదు.

ఆ రోజుల్లో కెమెరా బొమ్మను మాత్రమే తీసేది. శబ్దం వేరే యంత్రంలో, వేరే టేపు మీద ఎక్కేది. ఫిల్ము సెకనుకు 24 బొమ్మల చొప్పున నడుస్తుంది. టేపు మీద బొమ్మలూ లేవు, లెక్కలూ లేవు, ఒకటే శబ్దం. ఈ రెంటినీ తర్వాత ఎడిటింగ్ గదిలో కలపాలి. అందుకే షాట్ మొదట్లో కెమెరా ముందు క్లాప్ కొడతారు. పై చెక్క కింది చెక్కను తాకిన బొమ్మ ఫిల్ము మీద కనబడుతుంది. 'టక్' అన్న చప్పుడు టేపు మీద వినబడుతుంది. ఆ బొమ్మనూ ఆ చప్పుడునూ ఒకచోట పెడితే ఆ తర్వాతిదంతా దానంతటదే సరిపోతుంది.

పోలక్ బృందం దగ్గర ఉన్నవి 16 ఎం.ఎం. కెమెరాలు. అందులో 400 అడుగుల ఫిల్ము చుట్ట పెడితే సుమారు 11 నిమిషాలు వస్తుంది. అయిపోగానే ఆపి, కొత్త చుట్ట ఎక్కించి, మళ్లీ మొదలుపెట్టాలి. అంతేకాదు, ఫిల్ము ఖర్చని మధ్యమధ్యలో కూడా ఆపుతూ ఉంటారు. ఇలా ఒకటి కాదు, అనేక కెమెరాలు. ఆపి మొదలుపెట్టిన ప్రతిసారీ ఒక కొత్త ముక్క పుడుతుంది, ఆ ప్రతి ముక్కకీ ఒక క్లాప్ కావాలి. రెండు రాత్రులూ అది జరగలేదు. చివరికి దాదాపు 20 గంటల బొమ్మ ఒకవైపు, అద్భుతమైన పాట ఒకవైపు మిగిలాయి. ఏ ముక్క పాటలో ఎక్కడ కూర్చుంటుందో చెప్పే గుర్తు లేదు.

పెదవుల కదలికను చదవగలిగేవాళ్లను పిలిపించారు. క్వయర్‌ను నడిపించిన అలెగ్జాండర్ హామిల్టన్‌నూ కూర్చోబెట్టారు, తన చేతుల ఊపును బట్టి ఏ పాటో, ఎక్కడో ఆయన చెప్పగలడని. కొంత కుదిరింది, చాలావరకు కుదరలేదు. ఎందుకు కుదరదో గాస్పెల్ వింటే అర్థమవుతుంది. మన భజనలో ఒకే చరణాన్ని మళ్లీ మళ్లీ ఎత్తుకున్నట్టు, అక్కడా ఒకే మాట పదిసార్లు వస్తుంది, ప్రతిసారీ కొంచెం మారి వస్తుంది. పెదవులు ఆ మాట పలుకుతున్నాయని తెలిసినా అది మూడోసారో ఏడోసారో తెలియదు.

పాట మాత్రం ఆగలేదు. అదే ఏడాది రెండు రికార్డుల ఆల్బంగా వచ్చి, అమెరికాలో ఇరవై లక్షలకు పైగా అమ్ముడుపోయింది. ఫిల్ము చుట్టలు గోదాములో ఉండిపోయాయి. 2008లో పోలక్ చనిపోయాడు. ఆ చుట్టల హక్కులు అప్పటికే ఆలన్ ఎలియట్ అనే నిర్మాత తీసుకున్నాడు. కంప్యూటర్లో బొమ్మనూ శబ్దాన్నీ పక్కపక్కన పెట్టి, ముక్కముక్కనూ అటూ ఇటూ జరిపి చూసే వీలు ఈలోగా వచ్చింది. అలా కూర్చి సినిమా తయారుచేశాక ఇంకో అడ్డు వచ్చింది. తన అనుమతి లేకుండా దాన్ని చూపించకూడదని అరేతా కోర్టుకు వెళ్లింది. 2015లో ఒక చిత్రోత్సవంలో ప్రదర్శన ఆఖరి నిమిషంలో ఆగిపోయింది. 2018 ఆగస్టులో ఆమె కన్నుమూసింది. ఆమె కుటుంబం ఒప్పుకున్నాక ఆ నవంబరులో సినిమా తెర మీదకు వచ్చింది.

ఇంత కథ ఉన్నా సినిమాలో ఇదేమీ చెప్పించరు. మొదట్లో కొద్ది మాటలు తెర మీద పడతాయి, ఆ తర్వాత గంటన్నర దాకా పాటే. అరేతా జీవితం గురించి ఎవరూ కూర్చుని మాట్లాడరు. ఆమె కూడా జనంతో దాదాపు ఏమీ మాట్లాడదు. వస్తుంది, నిలబడుతుంది, పాడుతుంది. కళాకారుల గురించి తెలియనివాళ్లు ముందు చూడవలసింది ఇలాంటిదేనని నేను గట్టిగా నమ్ముతాను. మనకు తెలిసిన దారి పాట ఒక్కటే అయినప్పుడు ఆ దారినే లోపలికి వెళ్లడం మంచిది.

చూసేటప్పుడు కన్ను ఎక్కడ పెట్టాలి? నేనైతే రెండోసారి చూసినప్పుడు అరేతాను వదిలి క్వయర్‌ను చూశాను. వెండి రంగు కోట్లు వేసుకున్న ఆ గాయకులు తమ వంతు వచ్చినప్పుడు ఒక్క గొంతుగా పాడతారు. వంతు కానప్పుడు ఏం చేస్తారో చూడండి. కొందరు కుర్చీల్లోంచి లేచిపోతారు, కొందరు చేతులెత్తి అరుస్తారు. సినిమా పేరుగా పెట్టిన ఆ పాట నడుస్తుండగా పియానో దగ్గరున్న క్లీవ్‌లాండ్ ఇక వాయించలేక, మొహం కప్పుకుని ఏడుస్తాడు. రోజూ ఆ పాటలే పాడే మనిషి ఆయన. పాట ఎంత ఎత్తుకు వెళ్లిందో మన చెవికి పూర్తిగా అందకపోయినా, ఆ సంగీతం బాగా తెలిసినవాళ్ల మొహాలు మనకు చెప్పేస్తాయి. మన కచేరీలో మృదంగ విద్వాంసుడు గాయకుడి వైపు చూసి తలూపినప్పుడు మనకు తెలిసినట్టే.

బొమ్మా పాటా కలిసాయో లేదో పట్టుకోవడానికి మనకు ఒక తేలిక గుర్తు ఉంది. ప, ఫ, బ, భ, మ అక్షరాలను చూడాలి. ప, బ, మ పలకాలంటే రెండు పెదవులూ మూసుకోక తప్పదు. ఇంగ్లీషు పాటలోనైనా అంతే. పెదవులు మూసుకున్న క్షణానికీ ఆ శబ్దానికీ మధ్య రెండు మూడు బొమ్మల తేడా వచ్చినా, అంటే సెకనులో పదో వంతు, కంటికి ఏదో ఇబ్బందిగా అనిపిస్తుంది. ప్లేబ్యాక్ పాటలతో పెరిగిన తెలుగువాళ్లకు ఈ ఇబ్బంది వెంటనే తెలుస్తుంది. హీరో పెదవులు ఘంటసాల గొంతుతో కలవడం, కలవకపోవడం చూస్తూనే పెరిగాం కదా. డ్రమ్ము మీద కర్ర పడే చోటు ఇంకో గుర్తు. ఎడిటరుకు ఎక్కడ సరైన బొమ్మ దొరకలేదో అక్కడ దూరం నుంచి తీసిన షాట్ వేస్తాడు, లేదా చప్పట్లు కొట్టే జనాన్ని చూపిస్తాడు. పాట మంచి పట్టులో ఉండగా కెమెరా ఉన్నట్టుండి జనం మీదికి వెళ్లిందంటే చాలాసార్లు కారణం అదే.

రెండు రాత్రుల్ని ఒక్క కచేరీగా కుట్టిన సినిమాల్లో ఆ కుట్టు కనబడకుండా దాస్తారు. ఇందులో దాచలేదు. మొదటి రాత్రి అరేతా తెల్లటి బట్టల్లో, రెండో రాత్రి ఆకుపచ్చ బట్టల్లో ఉంటుంది. కెమెరా పట్టుకున్నవాళ్లు ఫ్రేములోకి వచ్చేస్తారు, బొమ్మ మసకై మళ్లీ తేరుకుంటుంది, పోలక్ చెయ్యి చాచి అటు తియ్యి, ఇటు తియ్యి అని చూపిస్తుంటాడు. ఇవన్నీ తప్పులే. అయినా కచేరీని సినిమాగా తీయడమంటే ఏమిటో వీటి వల్లే అర్థమవుతుంది. అక్కడ రెండో టేకు లేదు. కెమెరా సరిగ్గా ఉందా లేదా అని చూసి పాట ఆగదు.

దీనికి పూర్తిగా ఎదురు కొసన ఉన్న సినిమా ఒకటుంది. 'స్టాప్ మేకింగ్ సెన్స్'. టాకింగ్ హెడ్స్ అనే అమెరికన్ బృందం 1983 డిసెంబరులో హాలీవుడ్‌లోని పాంటేజెస్ థియేటర్లో వరసగా కొన్ని రాత్రులు ఇచ్చిన కచేరీని జొనాథన్ డెమ్మీ తీశాడు. 1984లో విడుదలైంది. ఇందులో ప్రతిదీ ముందే ఆలోచించి పెట్టుకున్నదే. రాక్ సంగీతమంటే హోరు తప్ప ఏమీ వినబడని చెవికి ఇంతకంటే మంచి పాఠం నాకు కనబడలేదు. ఎందుకంటే అది బృందాన్ని ఒక్కొక్కరుగా పరిచయం చేస్తుంది, అదీ మాటల్లో కాదు.

మొదట ఖాళీ స్టేజి. వెనక గోడ, నిచ్చెనలు కనబడుతుంటాయి. డేవిడ్ బర్న్ ఒక గిటారు, ఒక టేప్ రికార్డరు పట్టుకుని వస్తాడు. టేపు పెట్టి పాడతానంటాడు. ఆ దరువు మీద ఒక్క గిటారుతో మొదటి పాట అయిపోతుంది. రెండో పాటకు టీనా వేమౌత్ బేస్ గిటారుతో వచ్చి పక్కన నిలబడుతుంది. మూడో పాటకు డ్రమ్ములు తోసుకొస్తారు, క్రిస్ ఫ్రాంజ్ కూర్చుంటాడు. నాలుగో పాటకు జెర్రీ హారిసన్ వస్తాడు. ఆ తర్వాత కోరస్ పాడే ఇద్దరు ఆడవాళ్లు, తాళవాద్యాలు, కీబోర్డు, ఇంకో గిటారు. ఇంట్లో భజన మొదలైనట్టు ఉంటుంది. ముందు ఒక్క హార్మోనియం, కాసేపటికి ఎవరో తబలా, తర్వాత తాళాలు, చివరికి గదంతా.

బేస్ గిటారంటే ఏమిటని అడిగితే వందలసార్లు విన్నవాళ్లు కూడా చెప్పలేరు. దాని శబ్దం కింద ఉంటుంది, పైన ఉన్నవాటిలో కలిసిపోతుంది. ఇక్కడ మొదటి పాటలో అది లేదు, రెండో పాటలో ఉంది. ఆ తేడా ఒక్కటి వింటే చాలు. మొదటి పాట గాలిలో తేలుతున్నట్టు ఉంటుంది, రెండో పాటకు కాళ్ల కింద నేల వస్తుంది. ఈ సినిమా చూశాక ఇళయరాజా పాటలు పెట్టుకున్నాను. పల్లవి కింద బేస్ తన దారిన తాను ఇంకో పాట పాడుతూ నడుస్తోంది. ఇన్నేళ్లూ అది అక్కడే ఉంది.

డెమ్మీ చేసిన ఇంకో పని కూడా గమనించాలి. మామూలుగా ఇలాంటి సినిమాల్లో ప్రతి పాటకూ ఊగిపోతున్న జనాన్ని చూపిస్తారు. ఆయన దాదాపు చివరిదాకా జనాన్ని చూపించడు. ఇంటర్వ్యూలు అసలే లేవు. షాట్లను కూడా హడావుడిగా మార్చడు. దాంతో ఒకరి కళ్లు ఇంకొకరిని ఎలా వెతుక్కుంటున్నాయో, పాట మలుపు తిరిగే ముందు ఎవరు ఎవరికి సైగ చేస్తున్నారో మనకు కనబడుతుంది. ఈమధ్య వస్తున్న చాలా కచేరీ సినిమాల్లో రెండు సెకన్లకొక షాట్ మారిపోతుంటే నాకు బాధగా ఉంటుంది. వేళ్లు తీగ మీద పడటం చూసేలోగా ఇంకెక్కడికో వెళ్లిపోతాం.

ఇక మనుషుల కథ చెప్పే డాక్యుమెంటరీలు. ఇక్కడ జాగ్రత్త కొంచెం ఎక్కువ కావాలి, ఎందుకంటే కథ చెప్పేవాళ్లు ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో తేల్చుకుని చెబుతారు. దీనికి నాకు తోచే ఉదాహరణ 'సెర్చింగ్ ఫర్ షుగర్ మ్యాన్'. మలిక్ బెంజెలూల్ తీసిన ఈ సినిమా 2012లో వచ్చింది, మరుసటి ఏడాది ఆస్కార్ గెలిచింది. ఇది అచ్చంగా పాట తెలిసి మనిషి తెలియనివాళ్ల కథ.

రోడ్రిగెజ్ అనే గాయకుడు అమెరికాలోని డెట్రాయిట్‌లో ఉండేవాడు. అరేతా పెరిగిందీ ఆ ఊళ్లోనే. 1970, 71ల్లో ఆయన రెండు ఆల్బంలు చేశాడు. అమెరికాలో ఎవరూ కొనలేదు. కంపెనీ వదిలేసింది, ఆయన పాత ఇళ్లు కూల్చే పనులు, మరమ్మతు పనులు చేసుకుంటూ బతికాడు. కానీ ఆ రికార్డులు దక్షిణాఫ్రికా చేరాయి. వర్ణవివక్ష పాలనలో ఉన్న ఆ దేశంలో కుర్రకారు వాటిని కంఠతా పట్టారు. ప్రభుత్వ రేడియో వాళ్లు కొన్ని పాటలు మోగకుండా రికార్డు మీద గీతలు పెట్టారు. ఆ గీతలు పడ్డ రికార్డును సినిమాలో చూపిస్తారు. పాటలు ఇంటింటా ఉన్నాయి, పాడినవాడి గురించి మాత్రం ఒక్క ముక్క తెలియదు. స్టేజి మీదే ప్రాణం తీసుకున్నాడని పుకారు పుట్టింది, అందరూ నమ్మారు.

1990లలో ఇద్దరు అభిమానులు వెతకడం మొదలుపెట్టారు. వాళ్ల దగ్గర ఉన్నది పాటల్లోని మాటలే. వాటిలో ఒకచోట డియర్‌బోర్న్ అనే పేరు వస్తుంది. పటం తీసి చూస్తే అది డెట్రాయిట్ పక్కనే ఉన్న ఊరు. అక్కణ్ణుంచి తీగ లాగితే ఆల్బం నిర్మాత దొరికాడు, మనిషి బతికే ఉన్నాడని చెప్పాడు. 1998లో రోడ్రిగెజ్ దక్షిణాఫ్రికా వెళ్లాడు. ఆయన స్టేజి మీదకు రాగానే వేలమంది లేచి నిలబడి అరిచిన అరుపు ఎంతకీ ఆగదు. చూస్తే గొంతు పూడుకుపోతుంది, నాకు చూసిన ప్రతిసారీ పూడుకుపోయింది.

అయితే సినిమాలో ఒక మాట లేదు. 1970లలోనే ఆస్ట్రేలియాలో కూడా ఆయన పాటలు బాగా నడిచాయి. 1979లో ఒకసారి, 1981లో మరోసారి ఆయన అక్కడికి వెళ్లి కచేరీలు చేశాడు. సినిమా ప్రకారం 1971 తర్వాత ఆయన్ను ప్రపంచం పూర్తిగా మరిచిపోయింది, 1998లోనే మొదటిసారి జనం ముందు నిలబడ్డాడు అన్నట్టు మనకు అర్థమవుతుంది. చెప్పింది అబద్ధం కాదు, చెప్పకపోవడం వల్ల కథ ఆకారం మారిపోయింది. రికార్డుల డబ్బు ఎవరి చేతికి పోయిందన్న ప్రశ్న కూడా మధ్యలో లేచి, తేలకుండానే వెనక్కి వెళ్లిపోతుంది.

ఇలాంటివి పట్టుకోవడానికి సంగీతం తెలియనక్కర్లేదు. చూస్తూ ఏళ్లు లెక్కపెట్టుకుంటే చాలు. సినిమా 1971 నుంచి ఒక్క గెంతులో 1990లకు వెళ్లిపోయిందంటే, మధ్యలో ఇరవై ఏళ్లు ఆ మనిషి ఏం చేశాడు అని అడగాలి. ఎవరు మాట్లాడుతున్నారో, ఎవరు మాట్లాడటం లేదో కూడా చూడాలి. గాయకుల కంపెనీయో కుటుంబమో డబ్బు పెట్టి తీయించిన సినిమాల్లో ఈ ప్రశ్న మరీ అవసరం. పాటల హక్కులు వాళ్ల చేతిలో ఉంటాయి, వాళ్లు ఇవ్వకపోతే పాటే లేని సంగీత డాక్యుమెంటరీ తీయాల్సి వస్తుంది. కాబట్టి వాళ్లకు నచ్చనివి మెత్తబడతాయి. నేనైతే సినిమా ముందు చూస్తాను, ఆ మనిషి గురించి తర్వాత చదువుతాను. ముందే చదివితే ఆ 1998 కచేరీ నాకు దక్కేది కాదు. తర్వాత చదవకపోతే ఆస్ట్రేలియా తెలిసేది కాదు.

కోరస్ సంగతి ముందు అన్నాను కాబట్టి '20 ఫీట్ ఫ్రమ్ స్టార్‌డమ్' గురించి చెప్పాలి. 2013లో వచ్చిన ఈ సినిమా వెనక నిలబడి పాడేవాళ్ల గురించే. అందులో మెర్రీ క్లేటన్ అనే గాయని ఉంది. 1969లో ఒక రాత్రి, గర్భవతిగా ఉండి పడుకోబోతుంటే ఆమెకు ఫోను వచ్చింది. రోలింగ్ స్టోన్స్ పాటకు ఒక ఆడగొంతు కావాలన్నారు. జుట్టుకు చుట్టుకున్న కర్లర్లు తీయకుండానే స్టూడియోకి వెళ్లి పాడి వచ్చింది. 'గిమ్మీ షెల్టర్' అన్న ఆ పాటలో వాద్యాలన్నీ తీసేసి ఆమె గొంతొక్కటే వినిపిస్తారు. పై స్థాయికి వెళ్లి ఆ గొంతు చీలుతుంది. అంతవరకూ మొత్తం పాటగా విన్న దానిలో ఒక మనిషి ఉందని అప్పుడు తెలుస్తుంది. ఆల్బం మొదట వచ్చినప్పుడు అట్ట మీద ఆమె పేరు మేరీ అని తప్పుగా పడింది.

'అమేజింగ్ గ్రేస్' ఆల్బం ఇప్పుడు నా దగ్గర ఉంది, తరచు వింటాను. పాట శుభ్రంగా, ఏ మసకా లేకుండా ఉంటుంది. కానీ అందులో వినబడనిది ఒకటి సినిమాలో ఉంది. రెండో రాత్రి అరేతా పియానో ముందు కూర్చుని పాడుతోంది. వేడికి, దీపాలకు మొహమంతా చెమట. ముందు వరసలోంచి తండ్రి లేచి వస్తాడు, జేబురుమాలు తీసి, ఆమె నుదురు, చెంపలు తుడుస్తాడు. ఆమె కళ్లు తెరవదు, పాట ఆపదు. ఆయన వెళ్లి మళ్లీ కూర్చుంటాడు.